గడ్డానికీ ఛాతీకీ మధ్య ఒక వేలు చోటు

ప్రశ్న: మా పాపకు 10 వారాలు. నెలలు నిండి పుట్టింది, ఇప్పుడు బరువు 5 కిలోలు. మూడో వారం నుంచి గుడ్డ ఉయ్యాలలో తప్ప నిద్రపోవడం లేదు. పరుపు మీద వేస్తే పది నిమిషాల్లో లేచి ఏడుస్తుంది. మొన్న రాత్రి ఉయ్యాలలోకి తొంగి చూస్తే గడ్డం ఛాతీకి ఆనుకుని ఉంది, గురకలాంటి శబ్దం వస్తోంది. తల సరిచేయగానే ఆగిపోయింది. పిల్లలందరూ ఇలాగే పెరిగారని మా అత్తగారు అంటారు. కరెంటుతో ఊగే ఉయ్యాల కొందామని మావారు అంటున్నారు. మెడ కింద చిన్న దిండు పెడితే సరిపోతుందా? లేక ఉయ్యాల పూర్తిగా మానేయాలా?

సమాధానం: అమ్మా, ముందు మీరు అడిగిన రెండింటికీ సూటిగా జవాబు చెబుతాను. దిండు పెట్టకండి. ఉయ్యాలను పూర్తిగా మానేయనవసరం లేదు గాని, ఇకమీదట అది పాపను ఊరడించే చోటుగానే ఉండాలి, నిద్రపోయే చోటుగా ఉండకూడదు. ఊగడం వేరు, పడుకోవడం వేరు. ఈ రెండూ ఒకే గుడ్డలో జరుగుతున్నందువల్ల మనం వాటిని ఒకటిగా చూస్తున్నాం. పసిపిల్లల వార్డులో నర్సుగా నేను పనిచేసిన ముప్పై ఏళ్లలో ఉయ్యాల గురించి తల్లులతో జరిగిన వాదనలన్నీ చివరికి ఈ తేడా దగ్గరికే వచ్చి ఆగేవి.

ఆ రాత్రి మీరు చూసినదాన్ని కొంచెం వివరంగా చెప్పుకుందాం. పసిబిడ్డ తల ఒంటితో పోలిస్తే పెద్దది, పైగా తల వెనుక భాగం ఉబ్బెత్తుగా ఉంటుంది. అందువల్ల చదునైన పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు కూడా ఆ ఉబ్బు తలను కొద్దిగా ముందుకు నెడుతుంది. చదునైన చోట ఆ వంపు స్వల్పం కాబట్టి ఇబ్బంది ఉండదు. గుడ్డ ఉయ్యాలలో మాత్రం నడుము కిందికి దిగి, తలా కాళ్లూ పైకి లేచి, ఒళ్లంతా విల్లులా వంగుతుంది. అప్పుడు తల బరువు మొత్తం గడ్డాన్ని ఛాతీ వైపు తోస్తుంది. ఈ వయసులో శ్వాసనాళం సన్నగా, మెత్తగా ఉంటుంది. రబ్బరు గొట్టాన్ని వంచినప్పుడు వంపు దగ్గర లోపలి దారి ఎలా ఇరుకవుతుందో ఇక్కడా అలాగే అవుతుంది. మీరు విన్న శబ్దం ఆ ఇరుకు దారిలోంచి గాలి వెళ్తున్న చప్పుడు కావచ్చు. మెడ సరిచేయగానే ఆగిపోయిందంటే ఆ అనుమానం మరింత బలపడుతుంది. అయినా ఆ సంగతి మీ పిల్లల వైద్యుడికి ఒకసారి చెప్పండి. మెడ నిటారుగా ఉన్నప్పుడు, మెలకువగా ఉన్నప్పుడు కూడా అలాంటి శబ్దం వస్తుంటే దానికి వేరే కారణం ఉండవచ్చు, అది పరీక్ష చేసి తేల్చవలసిన విషయం.

ఇందులో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ శబ్దం కాదు, శబ్దం లేకపోవడం. దారి కొంత ఇరుకైనప్పుడే గురక వస్తుంది. దారి పూర్తిగా మూసుకుపోతే ఏ చప్పుడూ ఉండదు. పెద్దవాళ్లమైతే ఊపిరి ఆడనప్పుడు ఉలిక్కిపడి లేచి పక్కకు తిరుగుతాం. పది వారాల బిడ్డకు తలను పైకెత్తి నిలుపుకునే బలం మెడ కండరాలకు ఇంకా రాలేదు, ఊపిరి అందనప్పుడు మేలుకొనే స్పందన కూడా పూర్తిగా బలపడలేదు. అందుకే ఇలాంటి ప్రమాదాలు ఏడుపూ పెనుగులాటా లేకుండా, బయటికి చూస్తే ప్రశాంతమైన నిద్రలాగే జరిగిపోతాయి. ‘పక్క గదిలోనే ఉన్నాను, ఏదైనా అయితే వినిపిస్తుంది’ అన్న భరోసా ఇక్కడ పనికిరాదు.

ఇక దిండు సంగతి. మెడ కింద పెట్టిన దిండు పాప కదిలిన రెండు నిమిషాలకే తల కిందికి జరుగుతుంది, తల కిందికి చేరిన దిండు గడ్డాన్ని ఇంకా ముందుకు వంచుతుంది. భుజాల కింద మడత గుడ్డ పెట్టినా, ఉయ్యాల ఊగుతున్నంతసేపూ అది పెట్టినచోట నిలవదు. కొందరు గుడ్డ అడుగున పలక వేసి దాన్ని చదును చేస్తారు. ఆలోచన తెలివైనదిగానే కనిపిస్తుంది. కానీ పలక అంచుకూ గుడ్డ గోడకూ మధ్య ఒక సందు ఏర్పడుతుంది. బిడ్డ దొర్లి ముఖం ఆ సందులో ఇరుక్కుంటే వెనక్కి రాలేదు. 2009లో అమెరికాలో స్టాండుకు వేలాడదీసే ఒక రకం గుడ్డ ఉయ్యాలలను, సుమారు 24,000 వాటిని, వెనక్కి తీసుకున్నారు. ఉయ్యాల పక్కకు ఒరిగినప్పుడు బిడ్డ దొర్లి గుడ్డకో, లోపలి చిన్న పరుపుకో ముఖం ఆనుకుని చిక్కుకుపోవడమే అందుకు కారణం. ఇద్దరు శిశువులు చనిపోయారు. అది కంపెనీలో తయారై, లోపల అమర్చిన పరుపుతో సహా అమ్ముడుపోయిన ఉయ్యాల. ఇంట్లో దిండ్లూ పలకలూ చేర్చి మనం చేసే మార్పులు అంతకంటే భద్రంగా ఉంటాయని అనుకోవడానికి నాకు కారణం కనిపించదు.

మీ ఉయ్యాల ఎంత వాలుగా ఉందో ఊహించుకోనవసరం లేదు, కొలిచి చూడవచ్చు. పాప బరువుకు సమానమైన మూటను, అంటే తడి బట్టలు బిగించి కట్టిన 5 కిలోల మూటను, పాప పడుకునేంత పొడవుగా సర్ది ఉయ్యాలలో పెట్టండి. పాప పిరుదులు ఆనే చోట గుడ్డ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. తరువాత తల ఆనే చోట ఎంత ఎత్తులో ఉందో కొలవండి. ఆ రెండు చోట్ల మధ్య అడ్డంగా ఎంత దూరం ఉందో కూడా చూడండి. ఒకసారి ఒక ఇంట్లో నేను ఇలాగే కొలిచాను. అడ్డదూరం 30 సెంటీమీటర్లు, తలవైపు ఎత్తు 14 సెంటీమీటర్లు ఎక్కువ. లెక్క కడితే వాలు 25 డిగ్రీలు. అదే 30 సెంటీమీటర్ల దూరానికి 10 డిగ్రీల వాలంటే ఎత్తులో తేడా 5 సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. ఆ తల్లి ఉయ్యాల దాదాపు చదునుగానే ఉందనుకుంది. బయటి నుంచి చూస్తే నాకూ అలాగే అనిపించింది.

10 డిగ్రీలను కొలబద్దగా ఎందుకు తీసుకున్నానంటే, దాని వెనుక ఒక పరిశోధన ఉంది. అమెరికాలో వస్తు భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ కోరగా అర్కాన్సా విశ్వవిద్యాలయానికి చెందిన నిపుణులు తలవైపు ఎత్తుగా ఉండే శిశు పడకలను పరీక్షించి 2019లో నివేదిక ఇచ్చారు. వాళ్లు పరీక్షించిన వాలు పడకల్లో ఒక్కటి కూడా నిద్రకు భద్రమని తేలలేదు. 10 డిగ్రీలు, అంతకంటే తక్కువ వాలున్న చదునైన, గట్టి తలం మాత్రమే భద్రంగా ఉండే అవకాశం ఉందని వాళ్లు చెప్పారు. అందులో నాకు కొత్తగా తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. ఒళ్లు ముందుకు వంగి ఉన్నప్పుడు బిడ్డకు బోర్లా తిరగడం తేలికవుతుందట. అలా తిరిగాక తల ఎత్తి ఊపిరి తీసుకోవాలంటే మాత్రం పొట్ట కండరాలు ఎక్కువ శ్రమపడాలి, అవి తొందరగా అలసిపోతాయి. అంటే అంతవరకు ఎన్నడూ బోర్లా పడని బిడ్డ మొదటిసారి తిరిగేది ఆ వాలులోనే కావచ్చు. 2022లో అమెరికా ప్రభుత్వం 10 డిగ్రీలకు మించిన వాలుతో శిశువుల నిద్ర కోసం చేసే పడకలను చట్టంతోనే నిషేధించింది.

అయితే 10 డిగ్రీల లోపు ఉంటే గుడ్డ ఉయ్యాల నిద్రకు పనికొస్తుందని దీనికి అర్థం తీసుకోకండి. ఆ కొలత గట్టి, చదునైన తలానికి వర్తించేది. గుడ్డలో వాలు తగ్గించినా ఒళ్లు వంగుతూనే ఉంటుంది, రెండు పక్కల గుడ్డ ముఖానికి దగ్గరగా వస్తూనే ఉంటుంది. కొలిచి చూడమన్నది మీ ఉయ్యాలకు నిద్రపుచ్చే అర్హత ఇవ్వడానికి కాదు, ఇంట్లో వాళ్లకు చూపించడానికి. ‘పిల్లలందరూ ఇలాగే పెరిగారు’ అనే మాటకు మాటతో బదులు చెబితే అది వాదనగా మిగిలిపోతుంది. టేపు పెట్టి చూపించిన 14 సెంటీమీటర్లతో ఎవరూ వాదించరు. మీ అత్తగారి మాటలో అబద్ధం ఏమీ లేదు. ఎక్కువమంది పిల్లలు ఉయ్యాలలో క్షేమంగానే పెరిగారు. కానీ అప్పట్లో చాలా ఇళ్లలో ఉయ్యాల పక్కనే ఊపే మనిషి ఉండేది, ఆ మనిషి చూపు బిడ్డ ముఖం మీద ఉండేది. రాత్రంతా అందరూ నిద్రపోతుండగా బిడ్డ ఒంటరిగా గుడ్డలో ఉండడం వేరే సంగతి. ఆమెను మీ వైపు తిప్పుకోవాలంటే ఆ తేడా దగ్గర మొదలుపెట్టండి.

కరెంటు ఉయ్యాల విషయంలో నా అభిప్రాయం అంత అనుకూలంగా లేదు. అందులో బిడ్డ సగం కూర్చున్నట్టు, బెల్టులతో ఒదిగి ఉంటుంది. పూర్తిగా వెనక్కి వాల్చినా చాలా వాటిలో వాలు 10 డిగ్రీలకంటే ఎక్కువే. కాబట్టి గుడ్డలో వచ్చిన మెడ సమస్య ఇక్కడా ఉంటుంది. దానికి తోడు ఊపే మనిషి అవసరం తీరిపోతుంది, అంటే బిడ్డ ముఖం చూసే మనిషి కూడా ఉండదు. నాకు అసలు అభ్యంతరం ఇదే. కూర్చోబెట్టే ఊయలలూ, కారు సీట్లూ మామూలు నిద్రకు తగవనీ, నాలుగు నెలల లోపు పిల్లలకు మరీ తగవనీ, వాటిలో నిద్రపోతే వీలైనంత త్వరగా చదునైన పడక మీదికి మార్చాలనీ అమెరికా పిల్లల వైద్యుల సంఘం సూచిస్తోంది. ఇప్పటికే కొనేసి ఉంటే, మీరు పక్కన కూర్చుని ఉన్నప్పుడు, బిడ్డ మెలకువగా ఉన్న కాసేపు వాడుకోండి. బెల్టులన్నీ పూర్తిగా బిగించండి. సగం వదులు చేసిన బెల్టు అసలు బెల్టు లేకపోవడం కంటే ప్రమాదం, ఎందుకంటే బిడ్డ కిందికి జారితే ఆ పట్టీ మెడకు పడుతుంది.

గుడ్డ ఉయ్యాలను పగటిపూట ఊరడించడానికి వాడుకుంటారు కాబట్టి అది కట్టే తీరు గురించి కొంత చెప్పాలి. రెండు కొసలనూ కలిపి ఒకే కొక్కేనికి వేలాడదీస్తే గుడ్డ సంచిలా మూసుకుని, పక్కలు ముఖం మీదికి వస్తాయి, లోపల ఉన్న బిడ్డ కనిపించదు. రెండు కొసలనూ దూరంగా ఉన్న రెండు చోట్ల కట్టి, తలవైపు గుడ్డ ముడుచుకోకుండా ఒక అడ్డకర్ర పెడితే పైభాగం తెరుచుకుని ఉంటుంది. గదిలో ఎక్కడ నిలబడినా మీకు పాప ముక్కూ నోరూ కనిపించాలి. కనిపించకపోతే అది కట్టిన తీరులో లోపమే. ఊగేటప్పుడు పడే బరువు బిడ్డ బరువుకంటే ఎక్కువ. అందుకే నేను బిడ్డ బరువుకు నాలుగు రెట్లు, మీ విషయంలో 20 కిలోల మూట పెట్టి, గట్టిగా ఊపి చూశాకే బిడ్డను పెట్టమనేదాన్ని. ముడి ఒక వేలు వెడల్పు జారినా మళ్లీ కట్టాలి. గుడ్డను వెలుతురుకు అడ్డంగా పట్టుకుని, నేత పలచబడిన చోట్లు ఉన్నాయేమో చూడాలి. ఉయ్యాల అడుగు నేలకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది, మోకాలి ఎత్తు మించకూడదు. పట్టుకుని ఊపే తాడును లోపలికి వేలాడనివ్వకండి.

స్ప్రింగు ఉయ్యాల అయితే ఇంకొక మాట. స్ప్రింగు పైకీ కిందికీ ఆడుతుంది కాబట్టి బిడ్డ కాలు కదిపినా అది మళ్లీ ఊగడం మొదలవుతుంది. అంటే మీరు ఆపినా ఊపు ఆగదు. బరువు తీసేశాక చుట్లు మళ్లీ దగ్గరగా చేరకుండా మధ్యలో సందులు మిగిలితే, లేదా కొక్కెం నోరు కొద్దిగా విచ్చుకుని కనిపిస్తే ఆ స్ప్రింగు పని అయిపోయినట్టే. స్ప్రింగు తెగినా ఉయ్యాల పడిపోకుండా దాని గుండా ఒక తాడు అదనంగా కట్టి ఉండాలి. ఏ ఉయ్యాలనైనా నెమ్మదిగా, తల కుదుపు లేకుండా ఊపాలి. ఏడుపు ఆగడం లేదని వేగం పెంచడం, ఎగిరిపడేలా లాగడం, పెద్ద పిల్లల చేతికి ఊపే తాడు ఇవ్వడం వద్దు.

పాపను ఉయ్యాల నుంచి పరుపు మీదికి మార్చడమే ఇప్పుడు మీకు అసలు పని. పరుపు మీద వేసిన పది నిమిషాల్లో పాప లేవడానికి కారణం పరుపు నచ్చకపోవడం కాదని నా అనుభవం. నిద్ర పలచగా ఉన్నప్పుడే మారుస్తున్నారు. దీని మీద జపాన్‌లోని రికెన్ సంస్థ పరిశోధకులు 2022లో పనికొచ్చే విషయం ఒకటి ప్రచురించారు. ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని ఆగకుండా ఐదు నిమిషాలు నడిస్తే ఏడుపు తగ్గి దాదాపు సగం మంది నిద్రలోకి జారుకున్నారు. వెంటనే పడుకోబెడితే కొందరు లేచారు. ఎత్తుకునే కూర్చుని మరో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఆగి పడుకోబెడితే నిద్ర నిలిచింది. గుండె వేగాన్ని కొలిచి చూస్తే, బిడ్డ ఉలిక్కిపడేది పరుపు తగిలినప్పుడు కాదు, తల్లి ఒంటి నుంచి విడిపోవడం మొదలైన క్షణంలో. వాళ్లు చూసింది తల్లి ఒడిని, ఉయ్యాలను కాదు. అయినా ఆ ఎనిమిది నిమిషాల ఓపిక ఉయ్యాల విషయంలోనూ పనిచేయడం నేను చూశాను.

ఒక ఇంట్లో మేం చేసిన పద్ధతి చెబుతాను. ఆ బిడ్డకు 11 వారాలు, మీ పాపలాగే ఉయ్యాలకు అలవాటు పడినవాడు. మొదటి మూడు రోజులు రాత్రి మొదటి నిద్ర ఒక్కటే మార్చాం, ఎందుకంటే అప్పుడే నిద్ర అన్నిటికంటే గాఢంగా ఉంటుంది. తల్లి పక్కనే కూర్చుని ఊపేది. కళ్లు మూతపడ్డాక ఊపు మెల్లగా తగ్గించి పూర్తిగా ఆపేసి, ఎనిమిది నిమిషాలు ముఖం చూస్తూ కూర్చునేది. తరువాత చేయి కొద్దిగా ఎత్తి వదిలేది. చేయి బరువుగా, వేలాడినట్టు పడిపోతే మార్చడానికి అదను. పిడికిలి బిగుసుకునే ఉంటే ఇంకో రెండు నిమిషాలు. ఎత్తి ఛాతీకి హత్తుకుని, పరుపు మీదికి తానే వంగి, ముందు పిరుదులు, తరువాత వీపు, చివర తల ఆనించేది. తన ఒళ్లు ఒక్కసారిగా దూరం చేయకుండా అరచేయి బిడ్డ ఛాతీ మీద కాసేపు ఉంచేది. మొదటి రాత్రి మూడుసార్లు ప్రయత్నించాక 40 నిమిషాలు పడుకున్నాడు. మూడో రాత్రి రెండు గంటలు. నాలుగో రోజు నుంచి పగటి నిద్రల్లో ఒకదాన్ని చేర్చాం. ఆరో రోజు నుంచి కళ్లు పూర్తిగా మూతపడకముందే ఊపు ఆపేసి, పరుపు మీద జోకొట్టడం మొదలుపెట్టాం. ఆ దశలో రెండు రోజులు ఏడుపు పెరిగింది, తల్లి వెనక్కి వెళ్దామనుకుంది. పన్నెండో రోజుకి రాత్రి నిద్రంతా పరుపు మీదే. మధ్యలో జలుబు వచ్చి రెండు రోజులు ఆగింది కూడా. మీకు ఇంతకంటే ఎక్కువ రోజులు పట్టవచ్చు.

ఈ రోజుల్లో ఒక తప్పు మాత్రం జరగకుండా చూసుకోండి. అలసిపోయి బిడ్డను ఒడిలో పెట్టుకుని సోఫాలోనో కుర్చీలోనో కునుకు తీయడం ఉయ్యాలకంటే ఎక్కువ ప్రమాదం. రాత్రి రెండు గంటల తరువాత మార్చే వంతు మీవారికి ఇవ్వండి. ఉయ్యాలకు పెడదామనుకున్న ఖర్చుకంటే ఆ సాయం మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

పరుపు ఎలా ఉండాలన్నది చిన్న సంగతే. చేత్తో నొక్కి వదలగానే గుంట మిగలకుండా పైకి లేచే గట్టి పరుపు, దాని మీద బిగుతుగా తొడిగిన దుప్పటి, ఇంకేమీ లేకుండా, పాప వెల్లకిలా. దిండు, బొమ్మ, మెత్తని అంచులు వద్దు. పాలు కక్కుతుందని తలవైపు ఎత్తు పెట్టాలనిపిస్తే పెట్టకండి. వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం అన్ననాళానికి పైన ఉంటుంది, కాబట్టి పైకి వచ్చిన పాలు మళ్లీ కిందికే జారిపోతాయి. తల ఎత్తు పెట్టడం వల్ల కక్కడం తగ్గదు, బిడ్డ మాత్రం కాళ్ల వైపు జారి గడ్డం వంచుకుంటుంది. తల వెనుక చదునవుతుందన్న భయం ఉంటే, మెలకువగా ఉన్నప్పుడు రోజుకు కొన్నిసార్లు మీ కళ్లెదుట బోర్లా పడుకోబెట్టండి, తల పక్కకు తిప్పే వైపు రోజూ మార్చండి.

అంతవరకు ఉయ్యాలలో ఉన్న ప్రతిసారీ గడ్డానికీ ఛాతీకీ మధ్య మీ వేలు ఒకటి సులువుగా దూరాలి. దూరకపోతే సరిచేసి అక్కడే ఉంచకండి, బయటికి తీయండి. ఒకసారి వంగిన మెడ అదే గుంటలో మళ్లీ వంగుతుంది. ముక్కు దిబ్బడ ఉన్న రోజుల్లో ఉయ్యాల అసలు వద్దు. మీ పాప నెలలు నిండి పుట్టింది కాబట్టి ఈ మాత్రం వెసులుబాటు ఇస్తున్నాను. నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, తక్కువ బరువున్నవాళ్లు, కండరాలు మెత్తగా ఉన్నవాళ్లు, దవడ చిన్నగా ఉన్నవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు అయితే ఊరడించడానికైనా వైద్యుడిని అడగకుండా వాడవద్దనేదాన్ని. పెదవులు నీలంగా, బూడిద రంగుగా కనిపించినా, ఊపిరికి డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్లు వేలాడిపోయినా వెంటనే బయటికి తీసి, చదునుగా పడుకోబెట్టి, మెడ వంగకుండా, మరీ వెనక్కి వాలకుండా ఉంచి అత్యవసర వైద్యసాయం పిలవండి. ఊపిరి అప్పటికి సర్దుకున్నా సరే, ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ఈ వెసులుబాటుకు గడువు దగ్గరలోనే ఉంది. పాప పక్కకు దొర్లడానికి మొదటిసారి ప్రయత్నించిన రోజున, అంటే భుజం ఎత్తి నడుము తిప్పడం మీకు కనిపించిన రోజున, గుడ్డ ఉయ్యాల విప్పేయండి. ఒంటికి గుడ్డ చుట్టి పడుకోబెట్టే అలవాటు ఉంటే దాన్నీ ఆ రోజే ఆపాలి. కొందరు పిల్లలు మూడో నెలలోనే ఆ ప్రయత్నం మొదలుపెడతారు. మీ పాపకు ఇప్పుడు 10 వారాలు కాబట్టి పరుపు అలవాటును ఈ వారంలోనే మొదలుపెట్టమంటున్నాను.